డబ్బాలో 380

శైలజ రాసిన పుస్తకంలో లాభం ఉంది. అమ్మ డబ్బాలో డబ్బు లేదు.

ఇంటర్ సీఈసీ మొదటి ఏడాది పరీక్షలయ్యాక, అనంతపురం పాతూరు మార్కెట్ దగ్గర అమ్మ కూరగాయలు అమ్మడానికి వేసుకునే పట్టా మీద తనూ కూర్చోవడం మొదలుపెట్టింది శైలజ. నాన్న బెంగళూరులో బేల్దారి పనికి పోయి నెలకోసారి వస్తాడు. సరుకు తేవడం, అమ్మడం, ఇల్లు నడపడం అన్నీ అమ్మ లక్ష్మీదేవి మీదే. లెక్కలన్నీ ఆమె నోటి మీదే ఉంటాయి కాబట్టి కూతురు ఒక నూటరవై పేజీల నోట్‌బుక్ కొని అన్నీ రాయడం మొదలుపెట్టింది.

రోజూ 4,000 రూపాయల సరుకు. అమ్మితే 4,900. ఆటోకి 150, ఆశీలుకి 30, కుళ్లిపోయి, వాడిపోయి పారేసేది 200. మిగిలేది 520. ఇంటి ఖర్చు 300, ఫైనాన్స్‌కి 100 పోగా రోజుకి 120 నిలవాలి. పద్నాలుగు రోజులకి 1,680. పైగా లెక్క మొదలుపెట్టిన రోజే ఫైనాన్స్ నుంచి తెచ్చిన 9,000 చేతిలో ఉంది. అంటే డబ్బాలో పదివేలు దాటి ఉండాలి.

పద్నాలుగో రోజు సాయంత్రం మండీ బాకీ కట్టి వచ్చి, పాత బోర్న్‌విటా డబ్బా బోర్లిస్తే పడింది 380 రూపాయలు.

"మ్మా, ఎవరైనా తీసినారా ఇందులోంచి?"

"తీసేదెవరు? నువ్వు, నేనేగా ఉండేది" అంది లక్ష్మీదేవి గోనెపట్టా దులుపుతూ. ఆమెకి పెద్ద ఆశ్చర్యమేమీ లేదు. నెలలో రెండుసార్లు ఇట్లా అవుతుందని ఆమెకి తెలుసు. ఎందుకవుతుందో ఎవరూ అడగలేదు, అంతే.

లెక్కలో తప్పు దొర్లిందేమోనని శైలజ మొదటి నుంచీ కూడింది. కూడికలు సరిగ్గానే ఉన్నాయి. రాత్రి అన్నం తిన్నాక ఒక పేజీ మధ్యలో గీత గీసి, అమ్మినవాటిలో డబ్బు చేతికొచ్చినవి ఒక పక్క, రానివి ఇంకో పక్క రాసుకుంటూ పోయింది. కమలానగర్‌లో కోచింగ్ పిల్లలకి వండిపెట్టే మెస్ రమణన్న రోజుకి 600 సరుకు తీసుకుంటాడు, పదిహేను రోజులకొకసారి కడతాడు. పద్నాలుగు రోజులకి 8,400. వీధిలో వాళ్ల ఖాతాలు 1,900. రెండూ కలిపితే 10,300. డబ్బాలో ఉన్న 380 కలిపితే 10,680. ఫైనాన్స్ డబ్బు తొమ్మిది వేలు, మిగులు 1,680. పైసాతో సహా సరిపోయింది.

డబ్బు ఎక్కడికీ పోలేదు. రమణన్న మెస్‌లో సాంబారై, పప్పై, పిల్లల కడుపుల్లోకి పోయి కూర్చుంది.

"మనం ఫైనాన్స్ దగ్గర వడ్డీకి తెచ్చి రమణన్నకి వడ్డీ లేకుండా ఇస్తాండాం మ్మా."

లక్ష్మీదేవి వెంటనే ఏమీ అనలేదు. పుస్తకం దీపం కిందికి జరుపుకుని చూసింది. ఆమెకి చదువు అంతంతమాత్రం, అంకెలు మాత్రం బాగా తెలుసు.

"అయితే రమణని మానుకోమంటావా? కిలోకి రెండ్రూపాయలు తగ్గించి ఇచ్చినా, దినామూ ఆయప్ప దగ్గర యాభై మిగుల్తాది. మూల మీద పడి ఉండే గోరుచిక్కుడు కూడా తీసుకుంటాడు. ఆ యాభై నువ్విస్తావా?"

అదీ నిజమే. వంద రోజులకి ఐదు వేలు. ఫైనాన్స్ వాడికి పోయేది వెయ్యి. కామర్స్ పుస్తకంలో నిర్వహణ మూలధనం అని ఒక పాఠం ఉంది. మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ పాఠంలో ఇలాంటి చిక్కు గురించి ఒక్క లెక్కా లేదు.

ఫైనాన్స్ సంగతి మీద కూడా తల్లీకూతుళ్లకి వాదన అయింది. పదివేలు అని కార్డు మీద రాసి, ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. నూటికి పది కదా అంటుంది అమ్మ. మొదటి రోజు నుంచే అసలు వెనక్కి పోతూ ఉంటే మన చేతిలో సగటున సగమే ఉన్నట్టు, ఏడాది లెక్కన చూస్తే నూటికి 75 దాటుతుంది అంటుంది కూతురు.

"కావచ్చులే. దినానికి పది రూపాయలు. నాలుగు వేల సరుకు లేకుంటే నాకు అయిదొందలు యాడ నుంచి వస్తాయి? బ్యాంకాయన తెల్లారి నాలుగింటికి లేచి మండీకి వస్తాడా?"

ఈ మాటకి శైలజ దగ్గర జవాబు లేదు. నిజానికి బ్యాంకు పూర్తిగా కొత్తేమీ కాదు. కరోనా వచ్చిన 2020లో వీధి వ్యాపారుల అప్పుల కోసం మొదలైన పీఎం స్వనిధి కింద లక్ష్మీదేవి పదివేలు తీసుకుని, ఏడాదిలో కంతులన్నీ టయానికి కట్టేసింది. అట్లా కట్టినవాళ్లకి రెండోసారి ఇంకా ఎక్కువ ఇస్తారు, ఏడాదికి ఏడు శాతం లెక్కన వడ్డీని ప్రభుత్వం వెనక్కి వేస్తుంది. ఆమె మళ్లీ పోలేదు. బ్యాంకు తెరిచేది సరిగ్గా బేరం జోరుగా ఉండే టయానికి. ఒక్క పొద్దున పట్టా వేయకపోతే అయిదొందలు పోయినట్టే. ఈసారి పట్టా దగ్గర శైలజ కూర్చుంది, అమ్మ బ్యాంకుకి పోయి కాగితాలిచ్చి వచ్చింది. డబ్బు ఇంకా రాలేదు.

మండీ అరువు ఇంకో రకం. డబ్బు తగ్గినప్పుడు పొద్దున సరుకు ఎత్తుకుని సాయంత్రం కట్టొచ్చు. వడ్డీ లేదు. కానీ చేతిలో నోట్లు పట్టుకుని వచ్చినవాళ్లు టమాటా బాక్సుల్లో గట్టివి ఏరుకున్నాక, మిగిలినవే అరువువాళ్లకి. ఒత్తి చూడబోతే "అట్లనే ఎత్తుకోమ్మా" అంటాడు సావుకారు. ఆ మెత్తటివే మధ్యాహ్నానికి తరుగులోకి పోతాయి. అందుకే ఏ రోజు ఏది ఆగినా లక్ష్మీదేవి మండీ బాకీ మాత్రం ఆపదు. ఇంట్లో గ్యాస్ అయిపోతే పక్కింట్లో పొయ్యి అడుగుతుంది గానీ, ఆ డబ్బు ముట్టదు.

వీధి ఖాతాలన్నీ ఆపేద్దామని శైలజకి గట్టిగా అనిపించింది. మొదటి పేరు ఖాదర్‌బీ పెద్దమ్మది, 340.

"ఆమె పెన్షన్ ఒకటో తేదీ వస్తాది. రెండో తేదీకి నా దగ్గరుంటాది. ఆమెను కొట్టెయ్యద్దు" అంది అమ్మ. నాలుగో పేరు మీద వేలు పెట్టి, "ఈయప్ప జీతగాడే, కారుంది. వీనికి ఇయ్యద్దు" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. మూడు నెలల వెనకటి పాత చీటీ ఒకటి తీసి చూపించింది.

రమణన్న దగ్గరికి శైలజే పోయింది. పదిహేను రోజులకి కాకుండా ప్రతి ఆదివారం కట్టమంది. ఆయన నవ్వాడు, నెలకట్టు పిల్లలు ఎప్పుడిస్తారో ఏమో అన్నాడు. "ఆదివారం ఇస్తే ఇదే రేటు అన్నా. పదిహేను రోజులంటే కిలోకి రూపాయి పెంచాల్సి వస్తాది" అంది, గొంతు కొంచెం వణికినా. ఆయన కాసేపు గరిటె తిప్పి, "మీ అమ్మ చెప్పమనిందా?" అన్నాడు. "నేనే చెప్తాండా." వారానికి 4,200. ఒక ఆదివారం ఇచ్చాడు, రెండోది మంగళవారం ఇచ్చాడు. అయినా డబ్బాలో నాలుగు వేలు నిలబడ్డాయి, మండీలో ఏరుకుని తెచ్చే టమాటాలు వచ్చాయి.

ఫైనాన్స్ కార్డులో ఆఖరి గడి నిండిన రోజు వసూలు కుర్రాడు బండి మీద నుంచి దిగకుండానే అడిగాడు. "అక్కా, కొత్తది రాయమంటావా? పది?"

"అయిదు రాయి."

శైలజ తల ఎత్తింది. "మ్మా! మనకిప్పుడు అక్కర్లేదు కదా."

"గురువారం పెళ్లి ఆర్డరు ఉంది. తొమ్మిది వేల సరుకు."

"పెళ్లింటోళ్లను అడ్వాన్సు అడుగు మరి."

"అడగకుండా ఉంటానా? సగం ఇచ్చినారు. మిగతా సగానికే ఇది." కుర్రాడి వైపు తిరిగింది. "ఈతూరి పట్టుకునేది మూడొందలే. వంద కార్డులు కట్టిన దాన్ని, తెలుసు కదా నీకు."

కుర్రాడు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడాడు. నాలుగొందల దగ్గర తెగింది. శైలజ నోట్‌బుక్ తెరిచి, వచ్చినది 4,600, ఇవ్వవలసినది 5,000 అని రాసి, పక్కన పెళ్లివాళ్ల బాకీకి ఖాళీ గడి ఒకటి గీసింది.

"ఎప్పుడిస్తామన్నారు మ్మా, మిగతాది?"

"పెళ్లైన మరుసటి దినం."

"రాసిచ్చినారా?"

లక్ష్మీదేవి ఒక్క క్షణం కూతురి వైపు చూసి, ఫోన్ తీసింది.