వారసత్వ ప్రభావ అంచనా నివేదిక: శాలిబండ రోడ్డుపై ప్రతిపాదిత 14 అంతస్తుల వాణిజ్య భవనం

సమర్పణ: వారసత్వ పరిశీలన కమిటీకి
తయారుచేసినది: నిర్మాణదారు నియమించిన సంరక్షణ ఆర్కిటెక్ట్

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ నివేదికకు ఫీజు ఇచ్చింది నిర్మాణదారే. అయినా 52 మీటర్ల భవనాన్ని ఈ స్థలంలో సిఫారసు చేయలేకపోతున్నాను. 18 మీటర్లకు తగ్గిస్తే ఒప్పుకోవచ్చు. కారణాలు కింద ఉన్నాయి.

ప్రతిపాదన

స్థలం చార్మినార్‌కు దక్షిణంగా 420 మీటర్ల దూరంలో, రోడ్డుకు తూర్పు వైపు ఉంది. భవనం పడమటి గోడ రోడ్డు మధ్యగీత నుంచి 8 మీటర్లలో మొదలై తూర్పుకు 30 మీటర్లకు పైగా సాగుతుంది. సెల్లార్ రెండంతస్తులు, ముందువైపు మొత్తం గాజు, పైన ఎల్ఈడీ బోర్డు. ఇప్పుడు అక్కడ ఒక గోదాము, మూతబడిన నాలుగు మడిగెలు ఉన్నాయి. వాటికి వారసత్వ విలువ లేదు, పడగొట్టడానికి అభ్యంతరం లేదు.

చట్టం ఎక్కడ ఆగుతుంది

పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మన స్థలం ఈ రెండింటికీ బయటే ఉంది. నిర్మాణదారు వాదనంతా దీని మీదే నిలబడింది. నిజమే, ఆ చట్టం అడ్డుపడదు. కానీ ఆ గీతలు నేల మీద దూరాన్నే కొలుస్తాయి. కంటికి ఏం కనిపిస్తుందో కొలవవు. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ 2010 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. అందుకే స్మారక కట్టడాల అంతర్జాతీయ మండలి అయిన ఇకోమోస్ 2011 మార్గదర్శకాల పద్ధతిని పాటించాను. ముందు ఆ చోటు విలువ ఎంతో తేల్చి, దానిపై మార్పు ఎంత పెద్దదో చూసి, రెండూ కలిపి ప్రభావం చెప్పాలి.

ఏం విలువ

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించినప్పుడు అది కట్టడం మాత్రమే కాదు, కొత్త నగరానికి నడిబొడ్డు. నాలుగు దిక్కులకూ నాలుగు దారులు అక్కడి నుంచే బయలుదేరాయి. ఉత్తరాన చార్‌కమాన్, మధ్యలో గుల్జార్ హౌజ్, పక్కన మక్కా మసీదు, లాడ్ బజార్ అన్నీ ఆ అమరికలోనివే. 1908 మూసీ వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టీని రాతి కమానులతో కట్టినప్పుడు కూడా ఆ సూటి దారిని చెరపలేదు. అంటే ఇక్కడ విలువ రాళ్లలో ఎంతుందో చూపు సాగే ఆ దారిలోనూ అంతే ఉంది. చార్మినార్ విలువ 'చాలా ఎక్కువ', ఆ చూపు గీత విలువ కూడా 'చాలా ఎక్కువ' అని నమోదు చేస్తున్నాను.

కమానులోంచి చూసినప్పుడు

ఈ నివేదికలో అసలు సంగతి ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

గుల్జార్ హౌజ్ వైపు, చార్మినార్‌కు ఉత్తరంగా 300 మీటర్ల దూరంలో రోడ్డు మధ్య నిలబడి దక్షిణానికి చూడండి. ఉదయం ఆరింటికైతే ఆటోలు తక్కువ, నిలబడనిస్తారు. దాదాపు 11 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తున్న పెద్ద కమాను ఎదురుగా కనిపిస్తుంది. దాని అడుగున అవతలి ఇళ్ల డాబాలు, వాటర్ ట్యాంకులు, కేబుల్ వైర్లు ఉంటాయి. ఆపైన అంతా ఆకాశమే. అవతలి ఇళ్లు 12 మీటర్లకు మించవు కాబట్టి కమాను ఎత్తులో అడుగు నుంచి 6 మీటర్ల దాకానే వస్తాయి. కమాను అంత తేలికగా కనిపించడానికి ఆ ఖాళీయే కారణం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున స్థలం పడమటి అంచున 52 మీటర్ల ఎత్తుకు ఎర్ర బెలూన్ ఎగరేశాం. గాలి లేని రోజు కోసం రెండు వారాలు ఆగాం. "సంక్రాంతి అయిపోయింది కదా సార్, ఇంకా పతంగులా?" అన్నాడు పక్కనే చాయ్ అమ్మే ఆయన. 300 మీటర్ల చోటు నుంచి చూస్తే ఆ బెలూన్ కమాను పైఅంచుకు కూడా పైన, రాతి వెనక దాక్కుంది. అంటే భవనం కమానులో ఎడమవైపు ఐదో వంతును అడుగు నుంచి పైదాకా మూసేస్తుంది.

ముందుకు నడుస్తుంటే ఇది తగ్గుతుందనుకుంటాం. ఎత్తు తగ్గుతుంది, వెడల్పు పెరుగుతుంది. 100 మీటర్ల దూరానికి వచ్చేసరికి భవనం కమానులో 11 మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది గానీ, వెడల్పులో మూడో వంతు ఆక్రమిస్తుంది. భవనాన్ని తూర్పుకు జరుపుతామన్న ప్రత్యామ్నాయం ఇందుకే పనికిరాదు: ఒక చోట తప్పించుకున్నది నాలుగడుగులు వేస్తే మళ్లీ కనిపిస్తుంది.

నిర్మాణదారు ఇచ్చిన ఫొటోల్లో భవనం చిన్నగా ఉంది. అవి వైడ్ లెన్సుతో తీసినవి. మనిషి కంటికి దగ్గరగా ఉండే 50 మిల్లీమీటర్ల లెన్సుతో మళ్లీ తీయించాను. గాజు ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది కాబట్టి భవనం కలిసిపోతుందన్నారు. మనకు కనిపించేది ఉత్తరపు ముఖం. ఏడాదిలో ఎక్కువ రోజులు అది నీడలోనే ఉంటుంది. వెలుతురు నిండిన ఆకాశం ముందు అది నల్లటి పలకలా ఉంటుంది. రాత్రయితే ఫ్లడ్‌లైట్ల వెలుగులో ఉన్న చార్మినార్ కమానులో ఎల్ఈడీ ప్రకటన మెరుస్తుంది. దాన్ని ఊహించుకోవడానికి ఫొటో అక్కర్లేదు.

ఈ చూపు గీతపై ప్రభావం: తీవ్ర ప్రతికూలం.

మిగతావి

మక్కా మసీదు ఆవరణ నుంచి, చౌమహల్లా ఖిల్వత్ ముందు హౌజ్ నుంచి పై అంతస్తులు గోడల మీదుగా కనిపిస్తాయి. ప్రభావం మధ్యస్థ ప్రతికూలం. చార్మినార్ మొదటి అంతస్తు నుంచి చూస్తే భవనం పూర్తిగా కనిపిస్తుంది, కానీ అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుంది కాబట్టి స్వల్ప ప్రతికూలం.

సెల్లార్ తవ్వకం గురించి భయపడాల్సింది చార్మినార్ గురించి కాదు, అది దూరంగా ఉంది. స్థలం వెనక 30 మీటర్లలో సున్నం, గచ్చుతో కట్టిన దేవిడీ, అంటే పాతకాలపు పెద్ద భవంతి ఉంది. దాని తూర్పు గోడలో నా వేలు పట్టేంత పగులు ఇప్పటికే ఉంది. ఇక్కడ కింద గ్రానైట్ బండ. రెండంతస్తులు దిగాలంటే బ్లాస్టింగ్ చేస్తారు. అది వద్దు.

ఊరేగింపుల సంగతి చాలామంది మర్చిపోతారు. బోనాల ఘటాల ఊరేగింపు, బాలాపూర్ గణపతి శోభాయాత్ర శాలిబండ మీదుగానే చార్మినార్‌కు వస్తాయి. ప్లాన్‌లో 140 కార్ల పార్కింగ్ ర్యాంపు సరిగ్గా ఆ రోడ్డు మీదకే తెరుచుకుంటుంది. దాన్ని వెనక సందులోకి మార్చితే సరిపోతుంది.

ఎత్తుల పోలిక

30 మీటర్లకు తగ్గిస్తే 300 మీటర్ల చోటు నుంచి కమానులో 13 మీటర్ల దాకా వస్తుంది. అంటే దాదాపు మూడింట రెండు వంతులు. చాలదు. 18 మీటర్లయితే 8 మీటర్లకు కాస్త పైన ఆగుతుంది. ఇప్పుడున్న డాబాల వరుస కంటే రెండు మీటర్ల పైచిలుకు ఎక్కువ. ఆ తేడాను చూపు భరించగలదు. అప్పుడు ప్రభావం స్వల్ప ప్రతికూలానికి దిగుతుంది.

సిఫారసు

52 మీటర్ల ప్రతిపాదనను తిరస్కరించాలి. సవరించిన ప్లాన్ వస్తే ఈ షరతులతో అనుమతించవచ్చు. రోడ్డు వైపు 15 మీటర్లు, వెనక్కి జరిపిన పై అంతస్తుతో కలిపి 18 మీటర్లు. ఆ 18లోనే లిఫ్ట్ గది, నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు, బోర్డు ఫ్రేమూ ఉండాలి. డాబా మీద తర్వాత లేచే రేకుల షెడ్డు మనకు కొత్త కాదు కాబట్టి ఈ మాట అనుమతి పత్రంలోనే రాయాలి. ఉత్తరపు ముఖానికి గాజు వద్దు, సున్నం రంగు పూత చాలు. ఎల్ఈడీ బోర్డు ఉండకూడదు. సెల్లార్ ఒక్కటే, బండను యంత్రంతో కోయాలి. తవ్వకానికి ముందే దేవిడీ పగుళ్లకు, అవి కదిలితే విరిగిపోయే టెల్‌టేల్ గాజు ముక్కలు అతికించి, వారం వారం చదివి కమిటీకి పంపాలి. గాజు పగిలిన రోజు పని ఆపాలి.

సవరించిన ప్లాన్‌తో పాటు బెలూన్ పరీక్షను 18 మీటర్ల ఎత్తున మళ్లీ చేసి చూపించాలి. ఈసారి కమిటీ సభ్యుల్లో కనీసం ఒకరు గుల్జార్ హౌజ్ దగ్గరికి వచ్చి స్వయంగా చూడాలని కోరుతున్నాను. ఉదయం ఏడు దాటితే ట్రాఫిక్ వల్ల కుదరదు.