చర్చ మొదలయ్యే ముందు నా నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. జడ్జీలుగా వచ్చిన మాస్టారికి, మేడమ్ గారికి, ముందు వరసలో ఉన్న లెక్చరర్లకు, వెనక బెంచీల్లో ఒళ్లో ఫోన్ దాచుకుని చూస్తున్న మా థర్డ్ ఇయర్ వాళ్లకు కూడా.

ఇవాళ్టి అంశం ‘సోషల్ మీడియా మన ఏకాగ్రతను తినేస్తోంది’.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నిన్న రాత్రి ఈ నాలుగు మాటలు రాసుకుందామని కూర్చుని, చర్చ పదింటికా పదిన్నరకా అని గ్రూపులో చూద్దామని ఫోన్ తీశాను. టైం చూడలేదు గానీ, యానాంలో ఎవరో పులస కోస్తుంటే చూశాను, దాని కింద ఇంకోటి, ఇంకోటి, నలభై నిమిషాలు అయిపోయాయి. పులస ఎలా కోయాలో ఇప్పుడు నన్ను అడగండి చెప్తాను. టైం మాత్రం పొద్దున్న బస్సులో పక్కవాణ్ణి అడిగాను.

అలాగని నేను అంశానికి అనుకూలం అనుకోకండి. మాది భీమవరం పక్క ఊరు, రెండెకరాల రొయ్యల చెరువు. కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయంటే ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి, అందుకే మా నాన్న తెల్లవారుజామున మూడింటికి కూడా గట్టు మీద టార్చి పట్టుకుని నీళ్లకేసి చూస్తుంటారు. అంత ధ్యాస నాకు సెమిస్టర్ పరీక్షలప్పుడు కూడా రాలేదు. కానీ నిద్ర ఆపుకోవడానికి ఆయన చూసేదీ రీల్సే, కిలోకి వంద తూగే రొయ్యల రేటు, అదే వంద కౌంటు రేటు, తెలిసేదీ వాట్సాప్‌లోనే. మరి తప్పు ఫోన్‌దా?

సమాచారం పెరిగేకొద్దీ ధ్యాసకు కరువొస్తుందని అమెరికా ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే అన్నాడు, అప్పటికి మన జిల్లాల్లో టీవీయే లేదు. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేని స్క్రోల్ తయారుచేశాడు, తర్వాత తనే బాధపడ్డాడు. పేపరుకి చివరి పేజీ ఉంటుంది, మన కాలవకి లాకులుంటాయి. దీనికి ఏదీ లేదు. ఇందులో మన బలహీనత ఎంత, యాప్ కంపెనీల డిజైన్ ఎంత అన్నది రెండు జట్లూ తేల్చాలి.

ఒక్క రిక్వెస్టు. ‘మనిషి ధ్యాస 8 సెకన్లే, గోల్డ్‌ఫిష్ కంటే తక్కువ’ అనే లెక్క పట్టుకురాకండి, దానికి గట్టి ఆధారం లేదు. పట్టుకొస్తే ధ్యాస మీద పరిశోధన చేసిన గ్లోరియా మార్క్ లెక్క తీసుకురండి. 2004లో జనం ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు ఉండేవాళ్లట, తర్వాత అది 47 సెకన్లకు వచ్చింది. అయితే అది నిలబడే శక్తి తగ్గడమా, లేక మారే అలవాటు పెరగడమా? ఇక్కడ గొడవపడండి, నాకు ఇష్టం.

ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, మూడో నిమిషానికి ఒక గంట కొడతాను. మధ్యలో అడ్డుపడొద్దు, ప్రశ్నలు ఆఖర్న. టైమర్ నా ఫోన్లోనే ఉంది, అందుకని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి అందరికీ కనబడేలా ఈ టేబుల్ మీద పెడుతున్నాను. అనుకూల జట్టు మొదటి స్పీకర్, రండి.