సోమవారం నుంచి ఒంటిపూట బడి: అసెంబ్లీలో చెప్పే మాట

పిల్లలూ, అందరూ ఒకసారి ఇటు చూడండి. వెనక లైన్లో మాటలు ఆపండి. బ్యాగులు తర్వాత సర్దుకోవచ్చు, ముందు వినండి, ఎందుకంటే రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం, మళ్ళీ చెప్పడానికి టైం లేదు.

సోమవారం నుంచి ఒంటిపూట బడి. సోమవారం, అంటే మార్చి 16.

పొద్దున ఎనిమిదింటికి బడి. తొమ్మిదిన్నరకి కాదు, ఎనిమిదింటికి. ఎన్నింటికి? గట్టిగా చెప్పండి... ఆ, ఎనిమిదింటికి.

పన్నెండున్నరకి లాంగ్ బెల్. బెల్ అయ్యాక మధ్యాహ్న భోజనం ఇక్కడే పెడతారు, తినే ఇంటికి వెళ్ళండి. లాంగ్ బెల్ వినగానే గేటు దగ్గరికి పరిగెత్తొద్దు, ప్లేటు తీసుకుని వంటగది దగ్గర లైన్లో నిలబడండి, ఆరో తరగతి వాళ్ళు ముందు.

ఇవాళ మాత్రం పాత టైమే, సాయంత్రం నాలుగుంబావు దాకా. ఇవాళ మధ్యాహ్నమే వెళ్ళిపోవచ్చా సార్ అని ఎవరూ స్టాఫ్‌రూంకి రావద్దు.

ఇప్పుడు పీరియడ్లు. రోజుకి ఆరు. ఇంటర్వెల్‌కి ముందు మూడు, తర్వాత మూడు. ఇంటర్వెల్ పదింబావుకి. ఏ రోజు ఏ సబ్జెక్టో ఇప్పుడు చదివితే మీకు గుర్తుండదు, అందుకే మీ క్లాస్ టీచర్ ఫస్ట్ పీరియడ్లో బోర్డు మీద రాస్తారు, నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. చేతి మీద రాసుకుంటే స్నానం చేశాక పోతుంది.

పదో తరగతి, మీకు విడిగా చెప్తున్నా. మిగతా వాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. పదో తరగతి వాళ్ళు భోంచేసి ఇంటికి వెళ్ళరు. ఒంటిగంట నుంచి మూడింటి దాకా స్పెషల్ క్లాస్. పదో తరగతికి మాత్రమే. ఇంట్లో ఇవాళే చెప్పండి, లేకపోతే మీరింకా రాలేదని అమ్మావాళ్ళు కంగారుపడతారు.

తండా నుంచి బస్సులో వచ్చేవాళ్ళూ, మీరెప్పుడూ ఎక్కే బస్సు ఇక్కడికి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది కదా, అది ఎక్కితే రెండు పీరియడ్లు పోయినట్టే. సోమవారం నుంచి దానికి ముందు బస్సు ఎక్కాలి, ఏడుంబావుది. ఆ బస్సు తప్పిపోతే లారీలనీ బైకులనీ లిఫ్ట్ అడగొద్దు, ఇంటికెళ్ళి పెద్దవాళ్ళతో క్లాస్ టీచర్‌కి ఫోన్ చేయించండి.

ఎండ ముదిరింది, వాటర్ బాటిల్ నింపుకుని రండి, ఇంటికి పోయేటప్పుడు నెత్తిన టోపీయో తువ్వాలో ఉండాలి. పొద్దున ఏమీ తినకుండా పరిగెత్తుకొస్తే ప్రేయర్‌లోనే కళ్ళు తిరుగుతాయి, కాస్త ఏదైనా తిని రండి.

సరే, చివరిగా ఒక్కసారి. ఏ రోజు నుంచి? సోమవారం. బడి ఎన్నింటికి? ఎనిమిదింటికి. లాంగ్ బెల్? పన్నెండున్నరకి. పదో తరగతి? మూడింటి దాకా.

ఇవాళ రానివాళ్ళు ఎవరైనా మీ వీధిలో ఉంటే సాయంత్రం వెళ్ళి చెప్పండి. ఆరో తరగతి నుంచి ఒక్కో లైన్ కదలండి.