చిగురు కవర్, విషయసూచిక చూశా, ఇదిగో నా మాట

చెల్లీ, నిన్న రాత్రి నువ్వు పంపిన మీ స్కూల్ పత్రిక 'చిగురు' పీడీఎఫ్ రెండుసార్లు చూశా, ఒకసారి ఫోన్లో, ఒకసారి ఇక్కడ ప్రెస్‌లో ప్రింట్ తీసి. డిజైన్ ఎక్కడా నేర్చుకోలేదని భయపడకు, నేను కూడా డీటీపీ పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నవాడినే.

ముందు కవర్. సైకిల్ స్టాండ్ ఫొటో ఎవరు తీశారో గానీ సూపర్. వేపచెట్టు కింద వరసగా సైకిళ్ళు, హ్యాండిల్స్‌కి బ్యాగులు, ఆ చివర ఒకమ్మాయి ఊడిపోయిన చైన్ ఎక్కిస్తోంది, చేతికి గ్రీజు కూడా కనపడుతోంది. కానీ నువ్వు దాన్ని అగ్గిపెట్టంత చేసి మూలన పడేశావ్! దాని చుట్టూ స్కూల్ బిల్డింగ్, జెండా, పుస్తకం బొమ్మ, పావురం, హెచ్ఎం సార్ ఫొటో, రెండు సూక్తులు, సంవత్సరం, ఊరు పేరు... పెళ్ళి భోజనంలో అన్నీ ఒకేసారి వడ్డించినట్టుంది, ఏది ముందు తినాలో తెలీదు. సైకిల్ ఫొటో ఒక్కటి ఉంచి పేజీ మొత్తం నింపెయ్. పైన చెట్టు నీడ ముదురుగా ఉంది కదా, అక్కడ తెల్లగా 'చిగురు', కింద చిన్నగా స్కూల్ పేరు, సంవత్సరం, అంతే. సార్ ఫొటో తీసేస్తే ఏమనుకుంటారో అని నీ టెన్షన్, అర్థమైంది. కవర్ తిప్పగానే కుడి పక్క పేజీలో ఆయన సందేశం పక్కన పెద్దగా పెట్టు, ఆయనకి అదే గౌరవం, నేను ప్రింట్ చేసిన స్కూల్ పుస్తకాల్లో ఎవరూ కాదనలేదు.

ఇంకోటి, నువ్వు పంపిన ఫొటో వాట్సాప్‌లో వచ్చింది, 1200 × 1600 పిక్సెల్స్ ఉంది. ఏ4 నిండా నీట్‌గా పడాలంటే 2480 × 3508 దాకా కావాలి. తీసినవాళ్ళ దగ్గర ఒరిజినల్ అడిగి డాక్యుమెంట్‌గా పంపించుకో.

అక్షరాల దగ్గరికి వస్తే, 'చిగురు'కి అవుట్‌లైన్, షాడో, ఇంద్రధనుస్సు రంగులు మూడూ కలిపేసరికి గు, రు కొమ్ములు కలిసిపోయి ఏం రాసుందో తెలీట్లేదు. ఆ మూడూ తీసెయ్. మొత్తం అయిదు ఫాంట్లు వాడావ్, రెండు చాలు. రామభద్ర హెడ్డింగులకి, మండలి మిగతా వాటికి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీనే. ఆ ఫ్లోరోసెంట్ గ్రీన్ ఫోన్లో మెరుస్తుంది గానీ కాగితం మీద నాచులా పడుతుంది, నమ్ము.

ఇక విషయసూచిక. నాకు అసలు కష్టమైంది ఇక్కడే. 34 ఐటమ్స్ గళ్ళ టేబుల్లో పెట్టావ్, ఎడమ చివర క్రమసంఖ్య, కుడి చివర పేజీ నంబర్. 'మా తాతయ్య రేడియో' కథ చూసి, ఎడమ పక్క 7 ఉందని 7వ పేజీ తీశా, అది లెక్కల పజిల్! కథేమో 23లో ఉంది. క్రమసంఖ్య ఎవరికీ అక్కర్లేదు, తీసెయ్. పేజీ నంబర్‌నే ఎడమకి తెచ్చి కొంచెం బోల్డ్ చెయ్, పక్కనే శీర్షిక, దాని కింద చిన్న అక్షరాల్లో పేరు, తరగతి. గీతలన్నీ పోనియ్. కథలు, కవితలు, సైన్స్, సరదా అని నాలుగు గుంపులు చేసి మధ్యలో కాస్త ఖాళీ వదిలితే గీతల పని ఖాళీయే చేస్తుంది.

లైన్ స్పేసింగ్ కూడా పెంచాలి. 'స్వాతంత్ర్యం' చూడు, కింది వత్తులు కింది లైన్లో 'విజ్ఞానం' గుడి మీదెక్కి కూర్చున్నాయి. ఇంగ్లీషుకి సరిపోయే ఖాళీ మనకి చాలదు, కాన్వాలో 1.5 పెట్టి చూడు. లెటర్ స్పేసింగ్ మాత్రం అస్సలు ముట్టుకోకు.

పేరు తప్పులు నువ్వొక్కదానివే చూడకు. ఒకసారి నేనే ఒక పిల్లాడి ఇంటిపేరు తప్పు కొట్టా, వాళ్ళ నాన్న ప్రెస్‌కే వచ్చి అడిగాడు, ఆ రోజు నా మొహం చూడాల్సింది. ప్రింట్ తీసి క్లాసుకొకటి ఇచ్చి, ఎవరి పేరు వాళ్ళనే చూసి టిక్ పెట్టమను.

లోపల 38 పేజీలు అన్నావ్, మధ్యలో పిన్ కొట్టే పుస్తకం కదా, 4తో భాగం పోవాలి. 36కి కుదించు, లేదంటే రెండు బొమ్మల పేజీలు వేసి 40 చెయ్ (నేనైతే బొమ్మలే వేస్తా). పేజీలు జరిగితే నంబర్లూ మారతాయి, అందుకే విషయసూచిక అన్నిటికన్నా చివర్లో ఫైనల్ చెయ్.

ప్రెస్‌కి పంపేటప్పుడు కాన్వాలో PDF Print ఎంచుకుని Crop marks and bleed టిక్ పెట్టు. ఫొటోని పేజీ అంచు దాటి అన్ని వైపులా 3 మి.మీ. బయటికి లాగు, లేకపోతే కటింగ్‌లో పక్కన తెల్ల గీత మిగులుతుంది. అక్షరాలు మాత్రం అంచు నుంచి కనీసం సెంటీమీటర్ లోపలికి ఉండనీ.

శుక్రవారం లోపు కొత్త కవర్ పంపు, ముందు ఆ ఒరిజినల్ ఫొటో సంపాదించు.