సోలార్ ఫారం నింపినవారికి మెసేజీలు, మెయిళ్లు

(ఏ దశలో జవాబు వచ్చినా మిగతావి ఆపి, ఫోన్‌లో మాట్లాడాలి.)

వాట్సాప్: ఫారం వచ్చిన పది నిమిషాల్లో

సత్యనారాయణ గారూ, నమస్కారం. ఫేస్‌బుక్‌లో మా సోలార్ ప్రకటన చూసి ఇప్పుడే వివరాలు పంపారు కదా, నేను గాజువాక ఆఫీసు నుంచి శ్రావణిని. సొంత డాబా, నెలకు రెండు వేల దాకా బిల్లు అని రాశారు. కిందటి నెల కరెంటు బిల్లు ఫొటో పంపండి, ఎన్ని కిలోవాట్లు సరిపోతాయో చెప్తాను. ఈ మెసేజీలు అక్కర్లేకపోతే "వద్దు" అని పంపండి, ఆపేస్తాం.

ఈమెయిల్: మర్నాడు ఉదయం
విషయం: మీ డాబాకి 3 కిలోవాట్లు, సుమారు లెక్క

సత్యనారాయణ గారికి,

బిల్లు చూడకుండా వేసిన లెక్క ఇది. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి సాధారణంగా 3 కిలోవాట్లు చాలు. ఒక్కో కిలోవాట్‌కి రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి, వానాకాలంలో తగ్గుతాయి. నీడ పడని జాగా 300 చదరపు అడుగులు కావాలి.

మా ధర సుమారు 1,95,000 రూపాయలు. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది. ముందు మొత్తం మీరే కట్టాలి, లేదా బ్యాంకు లోను తీసుకోవాలి. ప్యానెళ్లు బిగించి, లైన్ నుంచి తీసుకునే కరెంటు, లైన్‌కి పంపే కరెంటు రెండూ కొలిచే నెట్ మీటర్ పెట్టి, తనిఖీ అయ్యాకే సబ్సిడీ నేరుగా మీ ఖాతాలో పడుతుంది. మా చేతికి రాదు. దరఖాస్తు pmsuryaghar.gov.in లో మీ పేరునే పెడతాం.

ఇంకో మాట ముందే చెప్పాలి. బ్యాటరీ లేని ఈ సిస్టమ్, వీధిలో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసం అలా పెట్టారు. కరెంటు కోతల బాధ తీరాలనే మీరు చూస్తుంటే బ్యాటరీ ఉన్నది తీసుకోవాలి, దాని ఖర్చు వేరు.

శ్రావణి

వాట్సాప్: నాలుగో రోజు

సత్యనారాయణ గారూ, మన వైపు ఎవరైనా మొదట అడిగేది తుఫాను గురించే. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లం కదా, ఆ భయం న్యాయమే. అందుకే స్టాండు కాళ్లను స్లాబుకి బోల్టులతో బిగించి, చుట్టూ కాంక్రీటు దిమ్మెలు పోస్తాం. నీళ్లు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ కూడా అప్పుడే. ఆదివారం మా టెక్నీషియన్ వచ్చి డాబా కొలుస్తాడు, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. ఉదయం పదింటికి రమ్మంటారా, సాయంత్రం నాలుగింటికా?

ఈమెయిల్: తొమ్మిదో రోజు
విషయం: ఎవరి దగ్గర తీసుకున్నా ఇవి అడగండి

సత్యనారాయణ గారికి,

వేరేచోట కూడా ధర అడుగుతూ ఉంటారు, అడగాలి కూడా. ప్యానెళ్లు డీసీఆర్‌వేనా అని అడగండి, అంటే సెల్స్ కూడా మన దేశంలో తయారైనవి. కాకపోతే సబ్సిడీ రాదు. ఎర్తింగ్, పిడుగు రక్షణ ధరలో కలిపారా, అయిదేళ్లు సర్వీసు ఎవరు చేస్తారన్నది కాగితం మీద రాయించుకోండి.

శ్రావణి

వాట్సాప్: పదిహేనో రోజు

సత్యనారాయణ గారూ, ఇదే ఆఖరి మెసేజ్. ఇప్పుడు వీలుకాకపోతే ఫర్వాలేదు, మీ నంబరు మా లిస్టులోంచి తీసేస్తున్నాను. ఎప్పుడు పెట్టాలనుకున్నా ఇదే నంబరుకు కరెంటు బిల్లు ఫొటో పంపండి.