తరుణ్‌కి అమ్మమ్మ ఉత్తరం

నాగాయలంక,
16-11-2025, ఆదివారం.

చి. తరుణ్‌కి అమ్మమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.

వీడియో కాల్ ఉండగా ఉత్తరమేమిటే అని మీ అమ్మ నవ్వింది. ఫోన్లో నువ్వు "తిన్నా, చదువుతున్నా, బాగానే ఉన్నా" అని మూడు ముక్కలు చెప్తావు. నేను నోరు తెరిచేలోపు ఫోన్ మీ అమ్మ చేతిలోకి పోతుంది. అప్పటికి మాకు రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది, నాకు కళ్ళు మూతలు పడుతుంటాయి. కాగితం మీదైతే తీరిగ్గా చెప్పుకోవచ్చు. మధ్యలో "సరే సరే" అని నువ్వు అడ్డుపడలేవు కూడా.

ముందు నేను అడగనివి చెప్తా. గుడికి వెళ్ళావా, కార్తీక సోమవారం ఏం తిన్నావు, జుట్టు ఎందుకలా పెంచావు, ఇవేవీ అడగను. అవి మీ నాన్న అడుగుతాడు, ఆయనకి జవాబు చెప్పుకో. పొద్దున్నే లేచి సూర్య నమస్కారాలు చేస్తున్నట్టు నాతో అబద్ధం చెప్పే పని కూడా లేదు. ఇక్కడున్నప్పుడే ఎనిమిదింటిదాకా లేచేవాడివి కాదు.

నా బెంగ వేరే. సెప్టెంబరులో కొత్త హెచ్-వన్-బి వీసాకి లక్ష డాలర్లు కట్టాలని అమెరికా ప్రభుత్వం చెప్పినట్టు టీవీలో వచ్చిన రోజు నుంచి మీ నాన్న మొహం మొహంలా లేదు. కాలిక్యులేటర్ తీసి 88తో హెచ్చవేసి, 88 లక్షలు అని పైకి చదివి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాడు. ఆ కట్టేది కంపెనీ గానీ నువ్వు కాదని మీ మామయ్య ఎంత చెప్పినా వినలేదు. అంత కట్టి మనవాణ్ణి ఎవడు తీసుకుంటాడు అన్నాడు. ఆ టెన్షన్ నీకూ ఉంటుందని నాకు తెలుసు. నలభై లక్షల లోను, తాకట్టులో ఉన్న రెండెకరాలు, వీటన్నిటినీ నెత్తిన పెట్టుకుని నువ్వు విమానం ఎక్కావు.

అందుకే చెప్తున్నా నాన్నా. ఉద్యోగం రాకపోతే రాలేదని చెప్పు. సబ్జెక్టు పోతే పోయిందని చెప్పు. మన చుట్టాల్లో ఒకబ్బాయి సంగతి నీకు తెలుసు, పేరు రాయను. చదువు అయిపోయినా ఉద్యోగం దొరక్కపోతే, ఎవరో కన్సల్టెన్సీ వాళ్ళు మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితాలు తయారుచేసి ఇచ్చారు. ఇంటర్వ్యూలో వీడి బదులు ఇంకెవడో మాట్లాడాడు. ఉద్యోగం వచ్చింది, ఊళ్ళో స్వీట్లు పంచారు. ఇప్పుడు ఆఫీసు నుంచి ఏ మెయిల్ వచ్చినా వాడికి గుండె దడ. చెల్లెలి పెళ్ళికి రమ్మంటే, తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఏం అడుగుతారో అని రాలేకపోయాడు. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "అందరూ చేస్తున్నారు పిన్నీ, మావాడొక్కడే చేశాడా" అంది. అందరూ చేస్తే చేయనీ. నువ్వు చేయకు. పొలం పోతే పోతుంది. అది మీ తాతయ్య కొన్నది, ఆయన మొదలుపెట్టినప్పుడు కౌలు రైతే. వాయిదాలు కట్టలేక నువ్వు తిరిగొచ్చినా, నాగాయలంక సెంటర్లో నలుగురూ నాలుగు రోజులు మాట్లాడుకుంటారు. ఐదో రోజు రొయ్య రేటు ఎంతయిందో మాట్లాడుకుంటారు. వాళ్ళ నోళ్ళకి భయపడి నువ్వక్కడ దొంగలా బతకడం నాకు ఇష్టం లేదు.

నీ వీసా మీద క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే పని చేయొచ్చని నువ్వే చెప్పావు. బయట పెట్రోలు బంకుల్లో, హోటళ్ళలో చేతికి డబ్బులిచ్చి రాత్రిళ్ళు పని చేయించుకుంటారని వింటున్నాం. డబ్బు ఎగ్గొట్టినా నువ్వు పోలీసులకి చెప్పుకోలేవు, అది వాళ్ళకీ తెలుసు. మాకు పంపాలని అలాంటి పనికి పోవద్దు.

ఇంకో సంగతి, ఇది కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు. మొన్న ఫోన్లో డాలస్‌లో మనవాళ్ళ గ్రూపులో చేర్చారు అన్నావు. మనవాళ్ళంటే తెలుగువాళ్ళేమో అనుకున్నా. తర్వాత మీ అమ్మ చెప్పింది, ఇంటిపేరు కనుక్కుని మరీ చేర్చుకుంటారట. రూమ్ ఇప్పించడానికీ, కారు లిఫ్టుకీ, రేపు ఉద్యోగం రిఫరల్‌కీ పనికొస్తుందని చేరానన్నావట.

మూడు రోజులైతే పంతొమ్మిదో తారీకు. 1977లో అదే తారీకు, శనివారం, దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. ఏటా ఆ రోజు నేను మాట్లాడకుండా కూర్చుంటానని నీకు తెలుసు. అప్పటికి మేము కోడూరు దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. నాకు ఇరవై నాలుగేళ్ళు, మీ అమ్మ కడుపులో నాలుగో నెల. తుపాను అని రేడియోలో చెప్పారు గానీ సముద్రం ఊరి మీదకి వస్తుందని ఎవరికీ తట్టలేదు. నీళ్ళు గుమ్మం దాటేసరికి మీ తాతయ్య నన్నూ మా అత్తగారినీ కరణంగారి డాబా మీదకి ఎక్కించాడు. ఆ రాత్రి సంగతి నీకు చెప్పను, చెప్పేది కాదు. సొర్లగొందిలాంటి ఊళ్ళకి ఊళ్ళే పోయాయి. చచ్చిపోయినవాళ్ళు వేలకి వేలు.

తెల్లారాక కిందికి దిగితే ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. బావుల్లోకి ఉప్పునీళ్ళు ఎక్కేశాయి. నాకు నాలుక పిడచగట్టుకుపోయింది, కళ్ళు తిరుగుతున్నాయి. అప్పుడు మాలపల్లి నుంచి మరియమ్మ వచ్చింది. చర్చి మీదకి ఎక్కేటప్పుడు ఇత్తడి బిందెతో మంచినీళ్ళు పట్టుకెళ్ళిందట. మూతికి గుడ్డ బిగించి కట్టి ఉంది. సగం బిందె కూడా లేదు. తన పిల్లలిద్దరూ పక్కనే నిలబడి ఉన్నారు. ఆ గుడ్డ విప్పి "వేవిళ్ళ మనిషివి, ముందు నువ్వు తాగమ్మా" అని నా దోసిట్లో పోసింది. తర్వాత మా అత్తగారికి పోసింది. మరియమ్మ నీడ వాకిట్లో పడితే నీళ్ళు చల్లే మనిషి మా అత్తగారు. మాట్లాడకుండా రెండు దోసిళ్ళు తాగింది.

కథ అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. సంక్రాంతినాటికి ఎవరెవరో కట్టించిన పాకల్లో మళ్ళీ కాపురాలు మొదలయ్యాయి. మరియమ్మ మా వాకిట్లోకి వచ్చి దాహం అంటే మా అత్తగారు దూరంగా నిలబెట్టి పైనుంచి పోసింది. రెండు నెలలు కూడా కాలేదు! మరియమ్మ ఏమీ అనలేదు, చేతులు పట్టి తాగింది. ఆ నెలంతా నేను మా అత్తగారితో పొయ్యి దగ్గర మాట్లాడలేదు. మీ తాతయ్య "పెద్దది, మారదు, వదిలెయ్" అన్నాడు. నేనింతవరకూ వదిలెయ్యలేదు.

ఆ గ్రూపులో ఉండాలా బయటికి రావాలా అన్నది నువ్వు తేల్చుకో, ఇరవై రెండేళ్ళవాడివి. కానీ కొత్తగా వచ్చిన పిల్లాడు రూమ్ కోసం మెసేజ్ పెడితే వాడి ఇంటిపేరేమిటని అడిగేవాళ్ళలో నువ్వు ఉండకు. మీ అమ్మ బతికింది ఆ బిందెలో నీళ్ళతో.

మీ రూమ్‌లో నలుగురు, వంట వంతులవారీగా అన్నావు. గిన్నెలు ఎవరు కడుగుతున్నారు? నిజం చెప్పు. ఇక్కడ తిన్న కంచం తీసినవాడివి కాదు. తప్పు నీది కాదులే, మేమే తియ్యనివ్వలేదు. మగపిల్లాడు కదా అని అందరం కలిసి పాడుచేశాం. ఆ కరీంనగర్ అబ్బాయి మెత్తటివాడిలా ఉన్నాడు, వాడి మీద తోసెయ్యకు. రేపు నీకు పెళ్ళయితే ఆ పిల్లా ఉద్యోగం చేసే వస్తుంది. ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేసరికి నువ్వు పప్పు తాలింపు పెట్టి ఉంచితే నాకు సంతోషం. మీ నాన్నని చూసి నేర్చుకోకు. ఈ ముక్క ఆయనకి చదివి వినిపించినా పర్లేదు.

నీకు ఈత వచ్చన్న ధైర్యం ఒకటి ఉంది. కృష్ణలో నేర్చుకున్న ఈత అది. అక్కడి చెరువుల్లో, జలపాతాల దగ్గర మన పిల్లలు పోయారన్న వార్త పేపర్లో వస్తూనే ఉంది. లైఫ్ జాకెట్ లేకుండా దిగనని ఒట్టు వెయ్. తాగి కారు ఎక్కకు, తాగినవాడి కారూ ఎక్కకు. తాగడం సంగతి మీ అమ్మకి చెప్పను.

నాకు డెబ్బై రెండు నిండాయి. షుగరు మందులు వేసుకుంటున్నా, మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. ఉన్నట్టుండి నాకేదైనా అయితే టికెట్టు కొని పరుగెత్తుకు రావద్దు. అలా వచ్చి వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుని నెలలు పోగొట్టుకున్న పిల్లలున్నారు. చెయ్యాల్సినవి మీ మామయ్య చేస్తాడు. నువ్వు వచ్చినా నేను చూడను కదా. చూడాలని ఉంటే ఇప్పుడే, వారానికోసారి, మీ అమ్మ పక్కన లేని టైములో నాకు విడిగా ఫోన్ చెయ్. పొద్దున ఆరింటికే లేచి ఉంటాను. నీకప్పుడు ముందురోజు సాయంత్రం. ఆ రోజు ఎలా గడిచిందో, బాగాలేకపోతే బాగాలేదని చెప్పు. బెంగ పెట్టుకుని మంచం పట్టే మనిషిని కాను నేను.

ఈ ఉత్తరం తెచ్చిన అబ్బాయి పోస్టాఫీసు వీధిలో వాళ్ళ అబ్బాయే. వాడి పెట్టెలో ఆవకాయ, కందిపొడి, సున్నుండలు పంపుతున్నా. మీ మామయ్య నాటుకోడి పచ్చడి కూడా పెట్టమన్నాడు. మాంసం అక్కడికి తీసుకురాకూడదట కదా, మనకోసం ఆ పిల్లాడు ఎయిర్‌పోర్టులో నిలబడాల్సి వస్తే బాగోదని నేనే తీయించేశాను. సున్నుండలు నలుగురికీ సరిపడా చేశా, దాచుకుని ఒక్కడివే తినకు. తెచ్చినందుకు ఆ అబ్బాయిని ఒక పూట భోజనానికి పిలువు. వంట నువ్వే చెయ్.

మొంథా తుపానుకి వరి కొంత పడిపోయింది. కోత మిషన్ దిగుతుందో లేదో చూడాలి. వివరాలు మీ మామయ్య చెప్తాడు.

ఇట్లు
అమ్మమ్మ

మళ్ళీ రాయునది: గ్రూపు సంగతి మీ అమ్మ నాకు చెప్పిందని దాని మీద అలగకు. నేనే గుచ్చి గుచ్చి అడిగాను.