ఫలితాలు: రాత్రి డ్యూటీలో డాక్టరుకు ఫోన్ చేసే ముందు

రోగి పరిస్థితి రాత్రివేళ తేడాగా కనిపించినప్పుడు డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేయాలో ఎలా నిర్ణయించుకుంటారని 11 మంది స్టాఫ్ నర్సులను అడిగాము. వారి సమాధానాల్లో రెండు ఇతివృత్తాలు తేలాయి.

ఇతివృత్తం 1: అంకె కోసం ఆగడం

అనుమానం కలగడానికీ ఫోన్ చేయడానికీ మధ్య కొంత వ్యవధి ఉంటున్నదని, ఆ వ్యవధిలో నర్సులు తమ అనుమానాన్ని డాక్టరు కాదనలేని అంకెగా మార్చుకుంటున్నారని వారి మాటలు తెలుపుతున్నాయి. ఎంతో అనుభవమున్న నర్సు 4 ఒక రాత్రిని ఇలా గుర్తుచేసుకున్నారు:

“మొహం చూడగానే ఏదో తేడా అనిపించింది. మొహం బాగాలేదని ఫోన్లో ఎలా చెప్తాం? బీపీ చూశాను, పావుగంట ఆగి మళ్లీ చూశాను. తొంభైకి దిగాక అప్పుడు చేశాను.”

ఇందులో ఇతివృత్తానికి ఆధారం బీపీ పడిపోవడం కాదు, ఆ పావుగంట. ఆమె అనుమానం మొదటి చూపుకే ఏర్పడింది. రెండో కొలత ఎవరి కోసమో “ఫోన్లో ఎలా చెప్తాం” అన్న ప్రశ్నే చెబుతున్నది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని నర్సు 9, “అంకె చెప్పకపోతే ‘మరి నువ్వేం చూశావు?’ అంటారు” అన్నారు. అనుభవంలో ఇంత తేడా ఉన్న ఇద్దరూ ఒకే చోట ఆగారు కనుక, ఈ ఆగడాన్ని కొత్తవారి బెరుకుగా మేము పరిగణించలేదు.

ఐసీయూలో పనిచేసే నర్సు 7 అనుభవం దీనికి భిన్నమైనది: “డాక్టరు పక్క గదిలోనే ఉంటారు. ఒకసారి వచ్చి చూడండి సార్ అంటాను, అంతే.” ఈ మాట ఇతివృత్తాన్ని కొట్టివేయదు కానీ దాని హద్దును చూపుతుంది: రోగిని డాక్టరు కళ్లారా చూడగలిగిన చోట నర్సు అంకె కోసం ఆగనక్కరలేకపోయింది.

ఇతివృత్తం 2: రాతే రక్షణ

ఇంటర్వ్యూల్లోని మాటలను అంశాలవారీగా విడదీసి పేర్లు పెట్టిన మొదటి కోడింగ్‌లో నోట్సు రాయడాన్ని ‘సంరక్షణ కొనసాగింపు’ కింద చేర్చాము. నర్సు 2 ఇంటర్వ్యూను తిరిగి చదివాక ఆ పేరు నిలవలేదు:

“చేసిన టైము రాస్తాను. ఎత్తకపోతే ఎత్తలేదనీ రాస్తాను. పొద్దున అడిగేది నన్నే కదా.”

ఎత్తని ఫోన్ వివరం రోగిని తర్వాత చూసుకునే నర్సుకు అంతగా ఉపయోగపడదు. అది ఉదయం సంజాయిషీ అడిగేవారికి ముందే రాసిపెట్టుకున్న జవాబు. నర్సు 11 చెప్పిన ఒక మరణం మమ్మల్ని ఎంతగానో కదిలించింది. కానీ అందులో ఫోన్ చేయడం గురించిన నిర్ణయమేదీ లేనందున ఆ మాటలను ఈ రెండు ఇతివృత్తాల్లో దేనికిందా ఉదహరించలేదు.